చిన్న ఆఫీసులో ఉద్యోగి మానేస్తుంటే రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఎలా రాయాలి

మీ ఆఫీసులో పాతికమందికి అటూ ఇటూగా పనిచేస్తున్నారు. హెచ్ఆర్ అంటూ వేరే మనిషి లేరు. జీతాలు, పీఎఫ్, జీఎస్టీ అన్నీ ఒక్క అకౌంటెంటే చూస్తారు, ఉత్తరాల మీద ఓనరు సంతకం పెడతారు. ఒంగోలు, చీమకుర్తి, నెల్లూరు వైపు గ్రానైట్ యూనిట్లు, రొయ్యల మేత డీలర్లు, రైసు మిల్లులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఇలాంటి చోట ఎవరైనా మానేస్తున్నామంటే కంప్యూటర్లో ఉన్న పాత లెటరు తెరిచి, పేరూ తేదీలూ మార్చి ప్రింటు తీసి ఇచ్చేస్తారు. అది సరిపోయే రోజులు పోయాయి. కొత్త కంపెనీ ఆ కాగితాన్ని చదివి ఫైల్లో పెట్టుకుని ఊరుకోదు. అందులోని తేదీలను పీఎఫ్ రికార్డుతో, బ్యాంకు స్టేట్‌మెంటుతో పక్కపక్కన పెట్టి చూస్తుంది. చిన్న సంస్థలకు పీఎఫ్ పనులు చేసిపెట్టే వాడిగా నేను చూసిన చిక్కుల్లో చాలావాటికి మూలం భాష కాదు, తేదీలు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

చెప్పడానికి వీలుగా ఒక కేసు అనుకుందాం. యూనిట్ చీమకుర్తిలో, ఆఫీసు ఒంగోలులో ఉన్న ఒక గ్రానైట్ ఎగుమతి సంస్థ. అక్కడ ఎగుమతి కాగితాలు చూసే అమ్మాయి సుజాత. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు వివరాలు ఆమె పని. 2021 జూన్ 3న ట్రైనీగా చేరింది. మొదట్లో జీతం చేతికి ఇచ్చి వోచరు మీద సంతకం తీసుకునేవారు. 2022 ఏప్రిల్‌లో సంస్థలో మనుషులు ఇరవైమంది అయ్యారు, పీఎఫ్ వర్తించింది. ఆమెకు పీఎఫ్ సభ్యత్వ నంబరు యూఏఎన్ వచ్చింది, జీతం బ్యాంకులో పడడం మొదలైంది, హోదా డాక్యుమెంటేషన్ అసిస్టెంట్ అయింది. 2026 ఫిబ్రవరి 2, సోమవారం నాడు రాజీనామా ఇచ్చింది. చెన్నైలో ఒక సరుకు రవాణా కంపెనీలో మార్చి 9న చేరాలి.

మొదటి పని: ఆఖరి రోజును కాగితం మీద తేల్చండి

రాజీనామా నోటిమాటగా వస్తే ఒప్పుకోకండి. మెయిల్ కానీ, సంతకం చేసిన కాగితం కానీ అడగండి. వాట్సాప్ మెసేజ్ ఏమీ లేనిదానికంటే నయమే కానీ, ఫోను మారితే అదీ పోతుంది. అందిన రోజే, లేదా మర్నాడు, మీరు ఒక చిన్న జవాబు ఇవ్వాలి: ఫలానా తేదీన మీ రాజీనామా అందింది, నోటీసు ఇన్ని రోజులు, మీ ఆఖరి పనిదినం ఫలానా తేదీ.

నోటీసు లెక్కలో ఒకరోజు తేడా తరచూ వస్తుంది. రాజీనామా ఇచ్చిన రోజును వదిలి, మర్నాటి నుంచి లెక్కించడం మామూలు. సుజాతకు 30 రోజుల నోటీసు. ఫిబ్రవరి 3 నుంచి 28 వరకు 26 రోజులు, మార్చిలో 4 రోజులు. కాబట్టి ఆఖరి పనిదినం మార్చి 4, బుధవారం. ఈ తేదీ ఒకసారి రాసుకున్నాక ఇక అన్నిచోట్లా ఇదే ఉండాలి: రిలీవింగ్ లెటరులో, సర్టిఫికెట్‌లో, జీతం లెక్కలో, పీఎఫ్‌లో.

మధ్యలో ఓనరు మనసు మార్చుకుని "పోన్లేమ్మా, రేపటి నుంచి రాకపోయినా ఫర్లేదు" అంటే ఆఖరి రోజు మారినట్టే. అప్పుడు ఆ మార్పును కూడా మెయిల్లో రాసి, మిగిలిన నోటీసు రోజులకు జీతం ఇస్తారో లేదో అందులోనే చెప్పండి. మాట ఒకలా, కాగితం ఇంకోలా ఉంటే తర్వాత ఏ తేదీ వేయాలో ఎవరికీ తెలియదు.

రెండో పని: చేరిన తేదీని రికార్డులో వెతకండి

చేరిన తేదీని ఓనరునో, ఉద్యోగినో అడిగి రాయకండి. "దసరాకి ముందనుకుంటా" అనే జవాబే వస్తుంది. అపాయింట్‌మెంట్ లెటరు, హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, వోచర్లు, పీఎఫ్ సర్వీసు హిస్టరీ, ఇవన్నీ బల్ల మీద పెట్టుకోండి.

సుజాత విషయంలో ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. హాజరు పట్టీలో తొలి సంతకం 2021 జూన్ 3న ఉంది. పీఎఫ్‌లో చేరిన తేదీ 2022 ఏప్రిల్ 1. అపాయింట్‌మెంట్ లెటరు ఇవ్వనే లేదు. ఈ స్థితిలో ఆఫీసుల్లో రెండు తప్పులు చేస్తారు.

మొదటిది, పీఎఫ్‌తో గొడవ ఎందుకని సర్టిఫికెట్‌లో కూడా 2022 ఏప్రిల్ 1 అనే రాసేయడం. దీనితో ఆమె పది నెలల పని గాల్లో కలిసిపోతుంది. అంతేకాదు, గ్రాట్యుటీ లెక్కా మారిపోతుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట గ్రాట్యుటీ వర్తిస్తుంది, మామూలు ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు కావాలి. 2021 జూన్ నుంచి లెక్కేస్తే సుజాతది నాలుగేళ్ల తొమ్మిది నెలలు. అయిదో ఏడాదిలో 240 రోజులు నిండితే అయిదేళ్ల కిందే లెక్కని మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పు ఉంది, దాన్ని పట్టుకుని అడిగేవాళ్లున్నారు. 2022 నుంచి లెక్కేస్తే ఆ ప్రశ్నే రాదు. ఓనరు మనసులో ఈ లెక్క ఉండి తేదీ మార్చమంటే అకౌంటెంటు గట్టిగా కాదనాలి. హాజరు పట్టీ ఒక చోటా వోచర్లు ఇంకో చోటా దొరికిన రోజున ఆ కాగితం మీ మీదికే వస్తుంది.

రెండో తప్పు, ఇప్పుడు కూర్చుని 2021 తేదీతో అపాయింట్‌మెంట్ లెటరు తయారుచేయడం. ఇది పట్టుబడే తీరు చాలా మామూలుగా ఉంటుంది. నిరుడు మారిన ఆఫీసు అడ్రసు, కొత్త ఫోను నంబరు ఉన్న లెటర్‌హెడ్ మీద 2021 తేదీ ఉంటుంది. అప్పటికి పార్ట్‌నర్‌గా లేని మనిషి సంతకం ఉంటుంది. తనిఖీ చేసేవాళ్లు చూసేది ఇలాంటివే. పాత తేదీతో కొత్త కాగితం పుట్టించకండి.

చేయాల్సింది ఏమిటంటే, జరిగింది జరిగినట్టు రెండు ముక్కల్లో రాయడం. 2021 జూన్ 3 నుంచి 2022 మార్చి 31 వరకు ట్రైనీ, 2022 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 4 వరకు డాక్యుమెంటేషన్ అసిస్టెంట్. పీఎఫ్ సంస్థకు 2022 ఏప్రిల్ నుంచి వర్తించిందని ఒక వాక్యం. అప్పుడు పీఎఫ్ తేదీకీ సర్టిఫికెట్ తేదీకీ ఉన్న తేడాకు కారణం కాగితంలోనే దొరుకుతుంది, తనిఖీ చేసే మనిషి ఫోను చేసి అడగాల్సిన పనుండదు. పాత హాజరు పట్టీ పేజీ, కొన్ని వోచర్ల ఫొటో కాపీలు ఆమెకు ఇవ్వండి. అడిగితే చూపించుకుంటుంది.

ఒక మెలిక: అప్పటికే ఇరవైమంది ఉండి కూడా మీరు పీఎఫ్ కట్టకుండా ఆలస్యం చేసి ఉంటే ఆ వాక్యం రాయకండి, అది అబద్ధమవుతుంది. ఆ బకాయి సంగతి వేరుగా తేల్చుకోవాల్సిందే.

అప్పగింతలు, డబ్బు లెక్క

రిలీవింగ్ లెటరు రాసే ముందు అప్పగింతల కాగితం ఒకటి ఉండాలి. లాప్‌టాప్, ఆఫీసు సిమ్, తాళాలు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉంటాయి. ఎగుమతి ఆఫీసులో అయితే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్ లాగిన్, బయ్యర్లతో మాట్లాడే మెయిల్ పాస్‌వర్డు, ఓటీపీలు ఎవరి ఫోనుకు వస్తున్నాయి అన్నది. సుజాత సొంత నంబరుకే ఓటీపీలు వస్తుంటే మార్చి 4 లోపలే మార్పించుకోండి. చెన్నైలో చేరిన పిల్లకి రోజుకు రెండుసార్లు ఫోను చేసి "ఓటీపీ వచ్చిందా అమ్మా" అని అడిగే ఓనర్లను చూశాను. దారిలో ఉన్న కంటైనర్ల జాబితా కూడా రాయించుకోండి: ఏ ఇన్వాయిస్, ఏ కాగితం ఇంకా రావాలి, ఎవరిని అడగాలి. ఇద్దరూ సంతకం చేసి చెరొక కాపీ ఉంచుకోండి. చేరినప్పుడు ఆమె ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకుని ఉంటే ఈ రోజే తిరిగి ఇచ్చేసి, ముట్టినట్టు రాయించుకోండి.

డబ్బు విషయంలో, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవాళ్లకు కూడా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. వచ్చే నెల అందరి జీతాలతో కలిపి వేస్తామనడం ఇక కుదరదు. సుజాత ఫిబ్రవరి జీతం ముందే అందిందనుకుందాం. మార్చిలో నాలుగు రోజులు మిగిలాయి. నెల జీతం 22,000 రూపాయలు, మార్చికి 31 రోజులు. నాలుగు రోజులకు 2,839 వస్తుంది. మార్చి 6, శుక్రవారం లోపల వేయాలి. వాడుకోని సెలవులకు డబ్బు రావాల్సి ఉంటే అదీ ఈ లెక్కలోనే చూపండి.

సంక్రాంతికి తీసుకున్న అడ్వాన్సులో ఇంకా 6,000 బాకీ ఉందనుకోండి. జీతంలో కోతలన్నీ కలిపి సగం దాటకూడదు కాబట్టి నాలుగు రోజుల జీతమంతా పట్టేసుకోవడం కుదరదు. పీఎఫ్ కోతతో కలిపి 1,419 మించి కోయకండి. మిగిలింది ఆమే ఫోన్‌పేలో కట్టొచ్చు, లేదా ఫలానా తేదీలోపు ఇస్తానని కాగితం రాసివ్వొచ్చు. బాకీ తీరేదాకా సర్టిఫికెట్ ఇవ్వం అని కూర్చోవడం మన వైపు అలవాటు. నా మాట వింటే ఆ పని చేయకండి. ఆమె చేసిన పనికి సాక్ష్యం అది, మీ బాకీకి తాకట్టు కాదు. పైగా కొత్త ఉద్యోగం పోతే ఆ ఆరువేలు తీర్చే దారి కూడా పోతుంది.

రిలీవింగ్ లెటరు

ఇది ఒక్క ప్రశ్నకే జవాబు: ఈ మనిషికి మీ దగ్గర పని ఇంకా ఉందా, అయిపోయిందా? రాజీనామా ఎప్పుడు ఇచ్చారు, ఒప్పుకున్నామా, ఏ రోజు పని వేళల తర్వాత విధుల నుంచి విడిచాం, అప్పగింతలు అయ్యాయా. అంతే. పొగడ్తలు, పని వివరాలు ఇందులో వద్దు. ఆఖరి రోజు సాయంత్రమే ఇవ్వాలి, ఎందుకంటే కొత్త కంపెనీ చేరే రోజునే దీన్ని అడుగుతుంది.

కొత్త కంపెనీ చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులోనే టైపు చేయిస్తారు. ఏ విషయం ఏ వరసలో ఉండాలో తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> నంబరు: ______ తేదీ: 4 మార్చి 2026
>
> శ్రీమతి ______ గారికి, డాక్యుమెంటేషన్ అసిస్టెంట్.
>
> 2 ఫిబ్రవరి 2026 నాటి మీ రాజీనామాను సంస్థ ఆమోదించింది. 4 మార్చి 2026 పని వేళలు ముగిసినప్పటి నుంచి మిమ్మల్ని విధుల నుంచి విడుదల చేస్తున్నాము. మీ అధీనంలో ఉన్న ఫైళ్లు, సామగ్రి, లాగిన్ వివరాలు అప్పగించారు. మీ తుది లెక్క 6 మార్చి 2026 లోపల చెల్లిస్తాము.
>
> సంస్థ తరఫున, పేరు, హోదా, సంతకం, స్టాంపు

చివరి వాక్యం చూడండి. లెక్క ఇంకా ఇవ్వకుండానే "అన్ని బకాయిలూ చెల్లించాము, ఇక ఏమీ లేవు" అని రాయడం, దాని మీద ఉద్యోగి సంతకం తీసుకోవడం బాగా పాతుకుపోయిన అలవాటు. డబ్బు బ్యాంకులో పడ్డాక ఆ మాట వేరే కాగితం మీద రాయించుకోవచ్చు, తొందరేం లేదు.

నోటీసు ఇవ్వకుండా ఒకరోజు రావడం మానేసినవాళ్ల సంగతి అడుగుతుంటారు. వాళ్లకు ఈ లెటరు ఇవ్వడం కష్టం, ఎందుకంటే మీరు విడుదల చేయలేదు. కానీ ఆరు నెలల తర్వాత వచ్చి అడిగితే పనిచేసిన కాలానికి ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ఆఖరి తేదీ దగ్గర హాజరు పట్టీలో కనబడే ఆఖరి రోజే వేయండి, కాగితం తేదీ మాత్రం ఇచ్చిన రోజుది.

ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్

ఇది ఎవరికైనా, ఎన్నేళ్ల తర్వాతైనా చూపించుకునే కాగితం. కాబట్టి ఉద్యోగిని ఉద్దేశించి కాదు, చదివేవాళ్లను ఉద్దేశించి రాయాలి. పేరు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఉండాలి. మన ఇళ్ల పేర్లతో ఇక్కడ చాలా తంటా వస్తుంది: ఆఫీసులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పీఎఫ్‌లో చివర. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారితే ఇంకో చిక్కు. టైపు చేసే ముందు ఆధార్ కాపీ, యూఏఎన్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి.

> ______ (యూఏఎన్ ______) మా సంస్థలో 3 జూన్ 2021 నుంచి 31 మార్చి 2022 వరకు ట్రైనీగా, 1 ఏప్రిల్ 2022 నుంచి 4 మార్చి 2026 వరకు డాక్యుమెంటేషన్ అసిస్టెంట్‌గా పూర్తికాలం పనిచేశారని ధ్రువీకరిస్తున్నాము. మా సంస్థకు ఉద్యోగుల భవిష్యనిధి 1 ఏప్రిల్ 2022 నుంచి వర్తించింది.
>
> గ్రానైట్ శ్లాబుల ఎగుమతికి ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు తయారీ, షిప్పింగ్ బిల్లు వివరాలు కస్టమ్స్ ఏజెంటుకు అందించడం, బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా సరిచూడడం, బ్యాంకుకు పత్రాలు సమర్పించడం ఆమె విధులు.
>
> పనిచేసిన కాలంలో ఆమె పనితీరు, నడవడిక సంతృప్తికరంగా ఉన్నాయి. ఆమె స్వయంగా రాజీనామా చేశారు.

పని వివరాల పేరా మీదే కాస్త సమయం పెట్టండి. "అప్పగించిన పనులన్నీ చేశారు" అని రాస్తే కొత్త కంపెనీకి ఏమీ తెలియదు. సుజాత బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా సరిచూసేదన్న ఒక్క ముక్క సరుకు రవాణా కంపెనీకి చాలా చెబుతుంది. ఈ పేరాను ఉద్యోగినే రాసి తెమ్మనండి. తర్వాత మీరు దాన్ని చదివి, చేయని పనులు కొట్టేయండి.

"అన్నా, ఎక్స్‌పోర్ట్ మేనేజర్ అని రాయరాదా, నీకేం పోతుంది?" అని అడిగేవాళ్లు ఉంటారు. పోయేది ఉంది. జీతం స్లిప్పులో అసిస్టెంట్, సర్టిఫికెట్‌లో మేనేజర్ ఉంటే తనిఖీలో అసలు కాగితమే అనుమానం కిందికి వస్తుంది, నిజంగా చేసిన నాలుగున్నరేళ్ల పనితో సహా. అసలు పనిచేయని బంధువుల పిల్లలకు రెండేళ్ల అనుభవం రాసివ్వమని వచ్చేవాళ్లకైతే ఒకటే జవాబు: పీఎఫ్ లేదు, జీతం పడలేదు, ఆ కాగితం మొదటి చూపులోనే దొరికిపోతుంది, దాని మీద సంతకం మీది.

నడవడిక గురించిన వాక్యం నిజమైతేనే రాయండి. కోపం ఉంటే తిట్టు రాయొద్దు, వాక్యం తీసేసి తేదీలూ పనీ మాత్రం ఉంచండి. జీతం ఎంతో రాయాల్సిన పనిలేదు, దానికి స్లిప్పులున్నాయి.

లెటర్‌హెడ్ మీద అడ్రసు, ఇప్పుడు మోగుతున్న ఫోను నంబరు, రోజూ చూసే మెయిల్ ఉండాలి. సంతకం చేసినవారి పేరు, హోదా టైపులో కనబడాలి. గీత గీసి స్టాంపు గుద్దితే అది ఓనరుదో గుమస్తాదో తెలియదు. కాగితం నంబరును ఔట్‌వర్డ్ రిజిస్టరులో రాసి, ఉద్యోగి సంతకంతో ఒక కాపీ ఫైల్లో ఉంచండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఆఫీసు మెయిల్ నుంచి ఆమెకు పంపండి, ఆ మెయిలే ఒక రుజువు.

పీఎఫ్‌లో బయటికి వెళ్లిన తేదీ

రెండు కాగితాలూ బాగా రాసి, ఇక్కడ పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. పీఎఫ్ రిటర్ను నెలవారీగా ఉంటుంది కాబట్టి, అలవాటు కొద్దీ అకౌంటెంటు నెలాఖరు తేదీ వేసేస్తారు. సుజాతకు 31 మార్చి అని వేశారనుకోండి. చెన్నై కంపెనీ ఆమెను మార్చి 9న చేరినట్టు చూపిస్తుంది. సర్వీసు హిస్టరీలో మార్చి 9 నుంచి 31 వరకు ఆమె ఒకేసారి రెండుచోట్ల పనిచేసినట్టు కనబడుతుంది. తప్పు మీది, సంజాయిషీ ఇచ్చుకునేది ఆమె.

మార్చి నెల రిటర్నులో ఆమె నాలుగు రోజుల జీతం మీద పీఎఫ్ చూపి, ఏప్రిల్ 15 లోపల కట్టండి. యజమాని పోర్టల్‌లో ఆమె బయటికి వెళ్లిన తేదీ 4 మార్చి 2026 అని నమోదు చేయండి. సేవ్ చేసే ముందు రిలీవింగ్ లెటరు కాపీ తీసి ఇంకోసారి చూసుకోండి, ఎందుకంటే తప్పు పడ్డాక దిద్దించుకోవడానికి మళ్లీ వేరే తిప్పలు పడాలి.

అసలు తేదీ వేయకుండా వదిలేసే ఆఫీసులూ ఉన్నాయి. అలా వదిలేస్తే పాత పీఎఫ్‌ను కొత్త ఖాతాకు మార్చుకోవడం ఆగిపోతుంది. ఆఖరి చందా పడి రెండు నెలలు దాటాక ఉద్యోగే తన మెంబర్ పోర్టల్‌లో `Manage` కింద `Mark Exit` ద్వారా తేదీ వేసుకోవచ్చు. ఆఖరి చందా పడిన నెలలోని తేదీనే అది తీసుకుంటుంది. మీరు ఉద్యోగి అయితే ఇది గుర్తుపెట్టుకోండి, లెటరులో ఉన్న తేదీనే వేయండి.

ఫోను వచ్చినప్పుడు

కొన్ని వారాల తర్వాత తనిఖీ సంస్థ నుంచి మెయిలో ఫోనో వస్తుంది: ఫలానా వారు మీ దగ్గర పనిచేశారా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, హోదా ఏమిటి, మళ్లీ తీసుకుంటారా. ఫోను ఎత్తిన కుర్రాడు "ఆఁ, ఉండేది సార్, రెండు మూడేళ్లు చేసిందేమో" అంటే ఇంతసేపూ పడ్డ శ్రమ వృథా. ఆఫీసులో అందరికీ ఒకటే చెప్పి ఉంచండి: ఎవరడిగినా మెయిల్ పెట్టమనండి, జవాబు ఇచ్చేది ఒక్కరే. ఆ ఒక్కరూ ఫైల్లో కాపీ తెరిచి, అందులో ఉన్న తేదీలే టైపు చేసి పంపాలి. మెయిల్ వచ్చిన చిరునామా నిజమైన కంపెనీదేనా చూసుకుని, జీతం, ఇంటి వివరాల వంటివి ఉద్యోగి ఒప్పుకున్నట్టు కాగితం జతచేస్తేనే ఇవ్వండి. మెయిల్ స్పామ్‌లో పడి జవాబు వెళ్లకపోతే "ధ్రువీకరణ కాలేదు" అని రాసుకుంటారు కాబట్టి, ఉద్యోగి మానేసిన మొదటి రెండు నెలలు ఆ ఫోల్డరు కూడా రోజూ ఒకసారి చూడండి.